‘మళ్లీ తీసుకుంటారా?’ అన్న ఒక్క గడి: బీజీవీలో పాత కంపెనీ ఏం చెప్పొచ్చు, కొత్త కంపెనీ ఏం అడగొచ్చు

ఆఫర్ లెటర్‌తో పాటు వచ్చే పీడీఎఫ్‌లలో ఒకదాన్ని ఎవరూ చదవరు. పేరు, తేదీ వేసి సంతకం పెట్టి పంపేస్తారు. దానిపేరు లెటర్ ఆఫ్ ఆథరైజేషన్, మా భాషలో ఎల్ఓఏ. ‘నా పాత యజమానులు, కాలేజీలు, కోర్టులు, పోలీసులు నా గురించి ఏ సమాచారమైనా ఫలానా ఏజెన్సీకి ఇవ్వడానికి సమ్మతిస్తున్నాను, ఇచ్చినవారిపై ఏ చర్యా తీసుకోను’ అన్నది దాని సారాంశం. బీజీవీ అంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్, కొత్తగా ఉద్యోగంలోకి తీసుకునేవాళ్ల పాత వివరాలను ఏజెన్సీ చేత సరిచూపించడం. హైదరాబాద్‌లో అలాంటి వెరిఫికేషన్ టీముల్లో కొన్నేళ్లు పనిచేసిన వాడిగా ఒక మాట చెబుతాను. పాత కంపెనీ మన గురించి ఏం చెప్పొచ్చో జాబితా వేసి చెప్పే చట్టం మన దేశంలో లేదు. ఆ ఖాళీని నింపుతున్నది మనం చదవకుండా సంతకం పెట్టే ఆ ఒక్క పేజీ.

దీన్ని ఒక ఫైలు పట్టుకుని చూద్దాం. వివరాలు మార్చాను, గొడవ మాత్రం మార్చలేదు. ఖమ్మం నుంచి వచ్చిన ఒకమ్మాయి, సాఫ్ట్‌వేర్ టెస్టర్. మొదటి ఉద్యోగం 2018 జూన్ నుంచి 2020 ఆగస్టు వరకు ఒక పెద్ద కంపెనీలో. రెండోది 2020 సెప్టెంబర్ నుంచి 2022 ఫిబ్రవరి వరకు, మాదాపూర్‌లోని ఒక ఆఫీసులో. తర్వాత ఐదు నెలలు ఖాళీ. నాన్నకు ఆపరేషన్ అయితే ఊళ్లో ఉండిపోయింది. మూడోది 2022 ఆగస్టు నుంచి 2025 మార్చి వరకు. అక్కడ 90 రోజుల నోటీసు పీరియడ్ ఉంటే 33 రోజులే చేసి, 2025 మార్చి 14న వెళ్లిపోయింది. పది రోజుల్లో నాలుగో కంపెనీలో చేరింది. ఏప్రిల్ మూడో వారంలో బీజీవీ రిపోర్టు వచ్చింది. మొదటి ఉద్యోగం గ్రీన్, అంటే అంతా సరిపోయింది. రెండోది ఆంబర్, అంటే తేలాల్సింది ఉంది. మూడోది రెడ్, అంటే తేడా వచ్చింది. హెచ్ఆర్ నుంచి మెయిల్: ‘48 గంటల్లో వివరణ ఇవ్వండి.’

ఆ అమ్మాయి అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. అయినా రెండు రంగులు ఎందుకు మారాయో తెలియాలంటే ముందు ఒక తేడా అర్థం కావాలి.

ఎంప్లాయ్‌మెంట్ చెక్ వేరు, రెఫరెన్స్ చెక్ వేరు. మొదటిది రికార్డు. ఏజెన్సీ వాళ్లు పాత కంపెనీ హెచ్ఆర్‌కి ఒక ఫారం మెయిల్ చేస్తారు. చేరిన తేదీ, మానేసిన తేదీ, ఉద్యోగి నంబరు, హోదా, చివరి జీతం, మానేసిన కారణం, ఎగ్జిట్ ఫార్మాలిటీస్ పూర్తయ్యాయా, ప్రవర్తనపై ఫిర్యాదులున్నాయా, చివరగా ‘మళ్లీ తీసుకుంటారా?’ ఇవే గడులు, కాస్త అటూ ఇటూగా. జవాబు కంపెనీ సొంత డొమైన్ ఉన్న మెయిల్ నుంచే రావాలి, జీమెయిల్ నుంచి వస్తే లెక్కలోకి తీసుకోరు. రెండోది అభిప్రాయం. మీరిచ్చిన మేనేజరు నంబరుకి ఫోన్ చేసి ‘ఎలా పనిచేసేవారండీ?’ అని అడగడం. రిపోర్టులో రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి కాబట్టి చదివేవాళ్లు ఒకే బరువు ఇస్తారు. చిక్కు చాలాసార్లు అక్కడ మొదలవుతుంది.

ఆంబర్: ఎవరి ఉద్యోగి?

ముందు తేలికైనది. ఆమె రెజ్యూమేలో రెండో కంపెనీగా రాసింది మాదాపూర్‌లో తను రోజూ వెళ్లి కూర్చున్న ఆఫీసు పేరు. జీతం వేసింది మాత్రం ఒక స్టాఫింగ్ కంపెనీ. ఏజెన్సీ ఆ ఆఫీసుకు రాస్తే ‘ఈ పేరుతో మా దగ్గర ఉద్యోగి లేరు’ అని జవాబు వచ్చింది. వాళ్లూ నిజమే చెప్పారు. థర్డ్ పార్టీ పేరోల్ మీద పనిచేసిన వేలమందికి ఇదే జరుగుతుంది.

ఇలాంటప్పుడు ఏజెన్సీ చూసేది పీఎఫ్. పన్నెండు అంకెల యూఏఎన్ కింద ఉండే సర్వీస్ హిస్టరీలో ఏ సంస్థ ఎప్పటి నుంచి ఎప్పటి దాకా పీఎఫ్ కట్టిందో వరసగా కనబడుతుంది. అందులో కంపెనీ రిజిస్టర్ అయిన పేరు ఉంటుంది, బోర్డు మీది పేరు కాదు. ఈ తేడా ఒక్కటే ఎన్నో ఆంబర్లకు కారణం. ఇంకో ఇబ్బంది, పాత యజమాని ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ వేయకుండా వదిలేయడం. అప్పుడు మనిషి ఇంకా అక్కడే ఉన్నట్టు, రెండుచోట్ల ఒకేసారి పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత ఆ తేదీని ఉద్యోగే పీఎఫ్ పోర్టల్‌లో వేసుకోవచ్చు. చాలామందికి ఈ సంగతి తెలియదు.

ఇరవై మంది కన్నా తక్కువ ఉన్న చోట పీఎఫ్ చట్టం సాధారణంగా వర్తించదు. అలాంటి చిన్న కంపెనీ మూతపడితే పీఎఫ్‌లో ఏమీ దొరకదు. అప్పుడు ఆదాయపన్ను వాళ్ల ఫారం 26ఏఎస్ పనికొస్తుంది. టీడీఎస్ కోసి ఉంటే కోసినవాళ్ల పేరు, తేదీలు అందులో ఉంటాయి. దాని పక్కన జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ పెడితే ‘అనేబుల్ టు వెరిఫై’ అని రాయబోయిన చేయి ఆగుతుంది. అనేబుల్ టు వెరిఫై అంటే అబద్ధమని కాదు, అడిగితే పలికేవాళ్లు లేరని. కొత్త కంపెనీలో కొందరు దాన్ని కూడా తప్పుగానే చూస్తారు, అది వేరే సంగతి.

మా టెస్టరు విషయంలో స్టాఫింగ్ కంపెనీ అపాయింట్‌మెంట్ లెటరూ పీఎఫ్ హిస్టరీ కలిపి పంపగానే రెండు రోజుల్లో ఆంబర్ గ్రీన్ అయింది. రెజ్యూమేలో ‘ఫలానా పేరోల్, ఫలానా క్లయింట్’ అని రెండు పేర్లూ రాసి ఉంటే ఆ రెండు రోజులూ మిగిలేవి.

రెడ్: ఒక కోడ్, ఒక ఫోన్ కాల్

అసలు కథ మూడో ఉద్యోగంలో ఉంది. పాత కంపెనీ పంపిన ఫారంలో మూడు జవాబులు: మానేసిన కారణం ‘అబ్‌స్కాండింగ్’, ఎగ్జిట్ ఫార్మాలిటీస్ ‘పెండింగ్’, మళ్లీ తీసుకుంటారా ‘లేదు’.

అబ్‌స్కాండింగ్ అన్నమాట వినగానే దొంగతనం చేసి పారిపోయినట్టు అనిపిస్తుంది. హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌లో అది చెప్పకుండా రావడం మానేసినవాళ్లకు వేసే, డ్రాప్‌డౌన్‌లోని ఒక కోడ్, అంతే. ఈమె 2025 ఫిబ్రవరి 10న రాజీనామా మెయిల్ పంపింది, మేనేజరు ‘నోటెడ్’ అన్నాడు. కానీ పోర్టల్‌లో రాజీనామా నమోదు కాలేదు. క్లియరెన్స్ కూడా పూర్తి కాలేదు. మార్చి 14 తర్వాత అటెండెన్స్ లేదు కాబట్టి సిస్టమ్ తనంతట తనే ఆ కోడ్ వేసింది. ఏజెన్సీ అడిగినప్పుడు హెచ్ఆర్ విభాగంలో ఎవరో తెరమీద ఉన్నది చూసి టైప్ చేశారు. ఈ కథలో ఆమెపై పగబట్టినవాళ్లు ఎవరూ లేరు, నాకు కనపడిన రెడ్ కేసుల్లో ఎక్కువభాగం ఇలాంటివే.

మరి ఇలా చెప్పడం పాత కంపెనీకి తగునా? చట్టం దృష్టిలో చూస్తే, నిజమైన చెడు సమాచారం చెప్పడాన్ని ఏదీ ఆపదు. ‘పాత కంపెనీ తేదీలు, హోదా తప్ప ఇంకేమీ చెప్పకూడదు’ అని చాలామంది నమ్ముతారు గానీ అది చట్టం కాదు. చాలా పెద్ద కంపెనీలు గొడవలెందుకని పెట్టుకున్న సొంత నియమం. ఆ నియమం లేని కంపెనీ నోరు విప్పితే దానికి హద్దు గీసేది ప్రధానంగా పరువు నష్టం చట్టం.

పాత ఐపీసీ 499, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356. పరువు తీసే మాట నేరమే గానీ మినహాయింపులు ఉన్నాయి. తనకో, ఎదుటివారికో ఉన్న ప్రయోజనాన్ని కాపాడటానికి సద్బుద్ధితో చెప్పిన మాట నేరం కాదన్నది అందులో ఒకటి. కొత్త యజమాని అడిగితే పాత యజమాని జవాబివ్వడం సరిగ్గా దాని కిందికి వస్తుంది. ఇక్కడ కీలకం సద్బుద్ధి, అంటే తగిన జాగ్రత్త తీసుకుని చెప్పడం. రికార్డు చూసి ‘నోటీసు పూర్తిచేయలేదు’ అంటే పాత కంపెనీ భద్రంగా ఉంటుంది. విచారణ ఏదీ జరపకుండా ‘డబ్బు విషయంలో అనుమానం ఉంది’ అంటే ఆ గొడుగు కింద నిలబడటం కష్టం. రాజీనామా మెయిల్ తమ సర్వర్‌లోనే ఉండగా ‘అబ్‌స్కాండింగ్’ అని రాయడం ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఉంది. కేసు వేస్తే గెలుస్తామని నేను ఎవరికీ చెప్పను. కానీ లిఖితపూర్వకంగా సరిదిద్దమని అడిగాక కూడా అదే మాట మళ్లీ రాస్తే, జాగ్రత్త తీసుకున్నామని చెప్పుకోవడం వాళ్లకు కష్టమవుతుంది. అందుకే సరిదిద్దమని అడిగే మెయిల్‌కి అంత విలువ.

ఇంగ్లండ్‌లో ఇంకో అడుగు ముందుకు వేశారు. 1994లో స్ప్రింగ్ వర్సెస్ గార్డియన్ అష్యూరెన్స్ కేసులో అక్కడి హౌస్ ఆఫ్ లార్డ్స్, రెఫరెన్సు రాసేటప్పుడు పాత ఉద్యోగి పట్ల తగిన జాగ్రత్త తీసుకోవడం యజమాని బాధ్యత అంది. దురుద్దేశం లేకపోయినా నిర్లక్ష్యంగా రాస్తే పరిహారం కట్టాలి. మన కోర్టులు ఇలాంటి తీర్పులను చదువుతాయి గానీ వాటికి కట్టుబడనక్కర్లేదు.

ఇక ఫోన్ కాల్. మేనేజరు అన్నది, ఆయన మాటల్లోనే: ‘పని బాగానే చేసేదండీ, కాకపోతే వాళ్ల నాన్నగారికి ఒంట్లో బాగాలేక సెలవులు కాస్త ఎక్కువ పెట్టింది.’ సానుభూతితో అన్నమాట అది. రిపోర్టులో పడింది ‘హాజరు విషయంలో ఇబ్బందులు’ అన్న మూడు ముక్కలు. కాల్ చేసిన కుర్రాడి ముందున్న ఫారంలో ‘హాజరు’ అనే గడి ఉంది, నాన్నగారి ఆరోగ్యానికి గడి లేదు. ఇంకో సంగతి. చాలా కంపెనీల్లో మేనేజర్లు కంపెనీ తరఫున రెఫరెన్సు ఇవ్వకూడదని నియమం ఉంటుంది. ఆయన మాట్లాడింది వ్యక్తిగతంగా. రిపోర్టులో మాత్రం కంపెనీ పేరు కిందే అచ్చయింది. పేరిచ్చే ముందు మీ రెఫరెన్సు మనిషికి ఫోన్ చేసి ‘ఏం అడుగుతారు, ఏం చెబుతారు’ అని మాట్లాడుకోవడంలో తప్పేమీ లేదు. నేనైతే తప్పనిసరి అంటాను.

కొత్త కంపెనీ ప్రశ్నలు

అడిగేవాళ్ల వైపు చూస్తే మన చట్టం ఇంకా వదులుగా ఉంది. పాత జీతం అడగకూడదని కాలిఫోర్నియా, న్యూయార్క్‌ రాష్ట్రాల్లో చట్టాలున్నాయి. ఇక్కడ మూడు నెలల పేస్లిప్పులు అడగడం మామూలే. చూపించనంటే ఆఫర్ ఆగుతుందేమో గానీ అడిగినందుకు వాళ్లకు శిక్ష లేదు. ఒక్కచోట మాత్రం గట్టిగా నిలబడొచ్చు: ప్రస్తుతం పనిచేస్తున్న కంపెనీని రాజీనామా పెట్టకముందు సంప్రదించవద్దని. ఫారంలో ఆ గడి ఉంటుంది, ‘వద్దు’ టిక్ పెట్టండి. పెట్టాక కూడా మెయిల్ పంపిన ఏజెన్సీ సమ్మతి దాటినట్టే.

ఖాళీ నెలల గురించి అడుగుతారు. ఈ అమ్మాయిని ‘ఆ ఐదు నెలలకు ఆసుపత్రి కాగితాలు పంపండి’ అన్నారు. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఆరోగ్య వివరాలు, వైద్య రికార్డులు 2011 నాటి ఐటీ నిబంధనల ప్రకారం సున్నితమైన వ్యక్తిగత సమాచారం. లిఖితపూర్వక సమ్మతితో, ఆ పనికి అవసరమైనంత మేరకే సేకరించాలి. ఉద్యోగానికి కావలసింది ఆ ఐదు నెలలు ఆమె ఇంకోచోట పనిచేయలేదన్న సంగతి. అందుకు పీఎఫ్ హిస్టరీలోని ఖాళీ, సంతకం పెట్టిన ఒక వివరణ పత్రం చాలు. డిశ్చార్జ్ సమ్మరీలో ఉండే నాన్నగారి జబ్బుల జాబితా ఏజెన్సీ సర్వర్‌లో ఎందుకు? ఆమె అదే రాసింది, వాళ్లు ఒప్పుకున్నారు. అడగడం వాళ్ల అలవాటు, అంతే. పంపనంటే పట్టుబట్టేవాళ్లు తక్కువ.

కేసుల గురించిన ప్రశ్నకు 2016లో సుప్రీంకోర్టు అవతార్ సింగ్ కేసులో ఒక దారి చూపింది. అది ప్రభుత్వ కొలువుల వెరిఫికేషన్ ఫారాల గురించే అయినా తర్కం అందరికీ పనికొస్తుంది. ఫారంలో స్పష్టంగా అడిగినదానికి నిజం చెప్పాలి. అడగనిదాన్ని, గజిబిజిగా అడిగినదాన్ని చెప్పలేదని దాచినట్టు లెక్కించకూడదు. ‘శిక్ష పడిందా’ అన్న ప్రశ్న వేరు, ‘ఎప్పుడైనా ఎఫ్ఐఆర్ నమోదైందా’ అన్న ప్రశ్న వేరు. ప్రశ్నను రెండుసార్లు చదివి, అది అడిగినదానికి జవాబు రాయాలి.

మనవాళ్లకు ప్రత్యేకంగా తగిలే దెబ్బ కోర్టు రికార్డుల వెతుకులాటలో ఉంది. ఏజెన్సీలు కోర్టుల ఆన్‌లైన్ రికార్డుల్లో పేరుతో వెతుకుతాయి. మన ఇంటిపేర్లు పదో తరగతి మెమోలో పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ముందు, పాస్‌పోర్టులో వెనక ఉంటాయి. ‘కె. శ్రీనివాస్’ అని వెతికితే ఏ జిల్లాలోనైనా ఎన్ని కేసులు తగలవు? తండ్రి పేరు, చిరునామా కలిస్తేనే అదే మనిషి అనాలి. తొందరలో ఉన్నవాళ్లు ‘పాజిబుల్ మ్యాచ్’ అని రాసి వదిలేస్తారు. అలా వస్తే కేసు నంబరు అడగండి. నంబరుంటే ఈ-కోర్ట్స్ సైటులో పార్టీల పేర్లు మీరే చూడొచ్చు, అది వేరొకరని పది నిమిషాల్లో తేలిపోవచ్చు.

ఇంతకీ ఆ రిపోర్టు కాపీ మనకు ఇస్తారా? అమెరికాలో ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ కింద, రిపోర్టు ఆధారంగా ఉద్యోగం నిరాకరించే ముందే దాని కాపీ, హక్కుల వివరాల పత్రం అభ్యర్థికి ఇవ్వాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగం వెతుక్కుంటున్న మనవాళ్లు ఈ హక్కును వాడుకోవచ్చు. ఇక్కడ దానికి సాటి వచ్చేది లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి. కంపెనీల మీద అసలు బాధ్యతలు పడేది ఆ తర్వాత 18 నెలలకు. అప్పుడు తమ డేటా ఏముందో అడిగే హక్కు, తప్పు దిద్దించుకునే హక్కు వస్తాయి.

అందులో ఒక మెలిక ఉంది. ఆ రెండు హక్కులూ మీరు సమ్మతి ఇచ్చిన సంస్థ మీదే నడుస్తాయి. అదే చట్టం ‘ఉద్యోగ ప్రయోజనాల’ కోసం సమ్మతి లేకుండా కూడా డేటా వాడుకోనిస్తుంది. రేపు ఏ కంపెనీ అయినా ‘మేం వాడింది సమ్మతి మీద కాదు, ఆ మినహాయింపు కింద’ అనొచ్చు. ఇంకా చేరని అభ్యర్థికి అది వర్తిస్తుందా అన్నది వాదించదగ్గ ప్రశ్నే. ఆ వాదనలో మీ చేతిలో ఉండే కాగితం మళ్లీ ఎల్ఓఏనే. అందులో ‘సమ్మతిస్తున్నాను’ అని రాయించుకున్నది వాళ్లే కదా. కాపీ దాచుకోమని నేను చెప్పేది అందుకే.

టెస్టరు దగ్గరికి వద్దాం. 48 గంటల్లో ఆమె పంపినవి నాలుగు. ఒకటి, ఫిబ్రవరి 10 నాటి రాజీనామా మెయిల్. ఆఫీసు మెయిల్‌బాక్స్ మూసేశారు గానీ పంపేటప్పుడు సొంత మెయిల్‌కి కాపీ పెట్టుకుంది కాబట్టి దొరికింది. రెండు, ఫుల్ అండ్ ఫైనల్ లెక్క. మిగిలిన 57 రోజులకు రోజుకు 800 రూపాయల బేసిక్ చొప్పున 45,600 కోత, వాడని పన్నెండు సెలవుల డబ్బు 9,600 అందులో మినహాయించి, మిగతా 36,000 కట్టమన్న కాగితం. మూడు, ఆ 36,000 కట్టిన బ్యాంకు రసీదు. నాలుగు, పాత హెచ్ఆర్‌కు ఆ రోజే రాసిన మెయిల్: ‘నోటీసు బదులు డబ్బు మీరే తీసుకున్నారు. కాబట్టి మానేసిన కారణం రాజీనామా అని మార్చి, ఏజెన్సీకి తెలియజేయండి.’

డబ్బు తీసుకున్నాక అబ్‌స్కాండింగ్ అని పట్టుబట్టడం వాళ్లకూ కుదరలేదు. తొమ్మిదో రోజున సవరణ వచ్చింది. కారణం ‘రాజీనామా’. ఫార్మాలిటీస్ ‘పూర్తి’. రిపోర్టు రెడ్ నుంచి ఆంబర్‌కి దిగింది. గ్రీన్ కాలేదు, ఎందుకంటే ‘మళ్లీ తీసుకుంటారా?’ అన్న గడిలో ‘లేదు’ అలాగే ఉంది. నోటీసు పూర్తిచేయనివాళ్లను మళ్లీ తీసుకోకపోవడం ఆ కంపెనీ పాలసీ, అది వాళ్లిష్టం. కొత్త కంపెనీ హెచ్ఆర్ మేనేజర్ ఆ గడి చూసి, పక్కన ఉన్న లెక్క కాగితం చూసి, ‘మేమూ ఇదే పాలసీ పెట్టుకున్నాం’ అని ఫైలు మూసేసింది.